బకెట్‌కు ఎంత రేకు పడుతుంది?

ఇనుప బకెట్ పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉంటుంది. గణితంలో ఇది కొన కోసేసిన శంకువు. దీనికి పట్టే రేకు లెక్కలో ముందుగా తెలియాల్సింది ఏటవాలు ఎత్తు, అంటే పై అంచు నుంచి అడుగు అంచుకు గోడ వెంబడి టేపు పెడితే వచ్చే కొలత. నిలువు ఎత్తును వాడితే రేకు తక్కువ పడుతుందని లెక్క తేలుతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

పై వ్యాసార్థం 15 సెం.మీ., అడుగు వ్యాసార్థం 8 సెం.మీ., నిలువు ఎత్తు 24 సెం.మీ. ఉన్న బకెట్‌ను తీసుకుందాం. ఇందులో పది లీటర్లకు కాస్త ఎక్కువే నీళ్లు పడతాయి. వ్యాసార్థాల తేడా 7. పైథాగరస్ సూత్రం ప్రకారం 7 వర్గం 49, 24 వర్గం 576. రెండూ కలిపితే 625. దాని వర్గమూలం 25 సెం.మీ. ఏటవాలు ఎత్తు అవుతుంది. గోడ వైశాల్యానికి సూత్రం π(R + r)l. పై చుట్టుకొలత, అడుగు చుట్టుకొలతల సగటును ఏటవాలు ఎత్తుతో గుణించడమే ఈ సూత్రం చేసే పని. 3.14 × 23 × 25, అంటే దాదాపు 1,806 చదరపు సెం.మీ. అడుగు బిళ్ల 3.14 × 64, దాదాపు 201. మూత లేదు కాబట్టి మొత్తం 2,007 దగ్గర ఆగుతుంది.

సూత్రం లెక్క ఇక్కడితో అయిపోతుంది. రేకు ఖర్చు మాత్రం ఇక్కడితో తేలదు. బకెట్ గోడను నిలువునా చీల్చి నేలమీద పరిస్తే దీర్ఘచతురస్రం రాదు, విసనకర్ర ఆకారం వస్తుంది. గోడ 25 సెం.మీ. పొడవునా దిగేసరికి వ్యాసార్థం 7 సెం.మీ. తగ్గింది; అదే వాలున 15 మొత్తం తగ్గాలంటే 53.6 సెం.మీ. పోవాలి. అందుకే రేకు మీద ఒకే కేంద్రం నుంచి 53.6, 28.6 సెం.మీ. వ్యాసార్థాలతో రెండు చాపాలు గీసి, 100.8 డిగ్రీల మేర కత్తిరిస్తారు. ఈ ముక్క పట్టాలంటే దాదాపు 83 సెం.మీ. పొడవు, 36 సెం.మీ. వెడల్పు గల రేకు కావాలి. అడుగు బిళ్లకు మరో 16 సెం.మీ. చదరం కావాలి. రెండూ కలిపి సుమారు 3,240 చదరపు సెం.మీ.; ఇందులో మూడో వంతుకు పైగా తుక్కే.

అర మిల్లీమీటరు మందం ఉక్కు రేకు కిలో వంద రూపాయలనుకుంటే, సూత్రం ప్రకారం 790 గ్రాములకు 79 రూపాయలు. కొనాల్సిన రేకు 1,270 గ్రాములు, ఖరీదు 127 రూపాయలు. అతుకులకు, పై అంచు మడతకు వదిలే రేకు దీనికి అదనం. అంచు చుట్టుకొలత 94 సెం.మీ. కాబట్టి ఒక్క సెంటీమీటరు మడతకే దాదాపు 94 చదరపు సెం.మీ. పోతుంది.

పెద్ద రేకులో చాలా బకెట్లకు కోసేటప్పుడు ఒక ముక్క లోపలి వంపులోకి రెండోదాని బయటి వంపును జరుపుతారు. అప్పుడు తర్వాతి ప్రతి ముక్కకూ 36 బదులు సుమారు 31 సెం.మీ. వెడల్పు సరిపోతుంది.