"అందరికీ నమస్కారం" అన్నాక ఒక్క క్షణం ఆగాలి



యాన్యువల్ డేకి మీ అమ్మాయో అబ్బాయో యాంకరింగ్ చేస్తున్నారంటే ఇంట్లో స్క్రిప్ట్ బట్టీ పట్టించే పని మీదే అవుతుంది. అందులో మొదటి అర నిమిషం గురించి ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాను. దీన్ని నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను.

మొదటిసారి యాంకర్లను తయారుచేసినప్పుడు ఒక తొమ్మిదో తరగతి అమ్మాయికి చక్కటి ఇంగ్లిష్ గ్రీటింగ్ రాసిచ్చాను. చీఫ్ గెస్ట్‌తో మొదలై, ప్రిన్సిపల్, టీచర్లు, పేరెంట్స్, స్టూడెంట్స్ అందరినీ వరసగా పిలిచి, చివర్లో "గుడ్ ఈవెనింగ్ వన్ అండ్ ఆల్" అని ముగుస్తుంది. పాప ఒక్క తప్పు కూడా లేకుండా చెప్పింది. గ్రౌండ్‌లో మాత్రం చప్పుడు లేదు. వెంటనే "వినపడలేదు, ఇంకా గట్టిగా!" అంది. ముందు వరసలో నలుగురు పలికారు. వెనకవాళ్ళు ఫోన్లలోంచి తలెత్తలేదు.

తప్పు పాపది కాదు, నా స్క్రిప్ట్‌ది. అంత పొడుగు జాబితాలో జనం ఎక్కడ బదులు పలకాలో తెలియదు. తెలిసేసరికి పాప గొంతు దిగిపోయింది, ఆ వెంటనే తర్వాతి వాక్యం మొదలైపోయింది. పైగా మనవరాలి డాన్స్ చూద్దామని ఊరినుంచి వచ్చిన తాతయ్య "గుడ్ ఈవెనింగ్" అనడానికి మొహమాటపడతారు. "నమస్కారం" అంటే ఆయన చేతులు వాటంతటవే లేస్తాయి.

ఈ కిటుకు మన ప్రాంతానికి కొత్త కాదు. కోటప్పకొండ తిరునాళ్ళలో ఒకరు "చేదుకో కోటయ్యా" అనగానే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. హరికథలో దాసుగారు కథ ఎత్తుకోకముందే జనం చేత "గోవిందా" అనిపిస్తారు. మధ్యలో కునికిపాట్లు పడుతుంటే మళ్ళీ అనిపిస్తారు. ఆ బదులు అందరికీ ముందే తెలుసు, ఒక్క మాటలో అయిపోతుంది, పది మందితో కలిసి అంటాం కాబట్టి సిగ్గూ ఉండదు. ఒకసారి నోరు విప్పిన మనిషి తర్వాత చప్పట్లు కొట్టడానికి వెనకాడడు.

మరుసటి ఏడు స్క్రిప్ట్ మార్చాను. పాప మైక్ దగ్గరికి వచ్చి నిలబడి, ఎడమవైపు, కుడివైపు, చివరి వరస వైపు చూసింది. "అందరికీ నమస్కారం!" అని గొంతు పైకెత్తి ఆపేసింది. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టుకుంది.

ఈ ఆగడమే పిల్లలకు అన్నిటికన్నా కష్టం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. చివరి వరస 60 మీటర్ల దూరంలో ఉంటే మాట వెళ్ళి బదులు తిరిగి రావడానికే సెకనులో మూడో వంతు పైన పడుతుంది. జనం తేరుకుని పలకడానికి పట్టే సమయం దీనికి అదనం. స్టేజి మీద ఆ ఖాళీ చాలా పెద్దదిగా అనిపిస్తుంది. ఎవరూ పలకలేదనుకుని పిల్లలు కంగారుగా ముందుకెళ్ళిపోతారు. సరిగ్గా అప్పుడే వచ్చిన బదులు వాళ్ళ మాట కింద పడిపోతుంది.

ఆ రోజు బదులు వచ్చింది కానీ పలచగా వచ్చింది. పాప మళ్ళీ గట్టిగా అనమని అడగలేదు. "మాచర్ల నుంచి వచ్చినవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండి" అంది. కొన్ని చేతులు లేచాయి. "గురజాలవాళ్ళు?" అనేసరికి వెనకనుంచి కేక వినిపించింది. "మరి మన నరసరావుపేట?" అనగానే గ్రౌండ్ అంతా అరిచింది. ఎవరెవరు వచ్చారో చూడ్డానికి జనం వెనక్కి తిరిగారు, నవ్వుకున్నారు. అతిథుల పేర్లు ఆ తర్వాతే చదివింది. ఒక్కో పేరుకీ చప్పట్లు పడ్డాయి.

రెండో బదులు మొదటిదానికన్నా పెద్దదిగా వస్తే గ్రౌండ్ వేడెక్కినట్టే. చిన్నదైతే అక్కడితో ఆపి ప్రోగ్రాం మొదలుపెట్టడం మంచిది. మూడోసారి అడిగితే జనానికి విసుగొస్తుంది. చీఫ్ గెస్ట్ ఆలస్యమై జనం గంటసేపు ఎదురుచూసి ఉంటే ఇవేవీ పనిచేయవు. అప్పుడు "ఆలస్యానికి క్షమించండి" అని ఒక్క మాట చెప్పి, చిన్నపిల్లల డాన్స్ ముందుకు జరపడమే మేలు.

ఇంట్లో ప్రాక్టీస్ చేయించేటప్పుడు మీరు డాబా మీద ఒక చివర నిలబడండి, పిల్లల్ని రెండో చివర నిలబెట్టండి. వాళ్ళు "నమస్కారం" అన్నాక మీరు కావాలనే కాస్త ఆలస్యంగా పలకండి. మీ మాట పూర్తిగా విన్నాకే తర్వాతి వాక్యం ఎత్తుకోవాలి. ఇది అలవాటైతే మిగతా స్క్రిప్ట్ సంగతి మేం చూసుకుంటాం.