ఎముక చూస్తే ముక్క తెలుస్తుంది

మాంసం కొట్టు దగ్గర నిలబడి, బల్ల మీదున్నవన్నీ ఫొటో తీసి, "ఏది కొట్టించమంటావు?" అని ఇంటికి పంపడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ ఫొటో అందుకున్నవాళ్లు ముందు చూసేది రంగు. నిజానికి ఫొటోలో అన్నిటికంటే తక్కువ నమ్మాల్సింది రంగునే. చాలా కొట్లలో మాంసం మీద ఎర్రటి లైటు పడేలా పెడతారు. దాని కింద నిన్నటి మాంసం కూడా నిగనిగలాడుతుంది. లైటు సంగతి వదిలేసినా, గాలి తగలని మాంసం ఊదారంగులో ఉంటుంది. గాలి తగిలాక ఎర్రబడుతుంది, అలాగే ఉంచితే గోధుమరంగుకు తిరుగుతుంది. గాలి తీసేసి ప్యాక్ చేసిన ముక్క ఊదాగా కనిపిస్తే అది పాడైపోయిందని కాదు.

రంగు కంటే నికరమైన ఆనవాళ్లు మూడున్నాయి. మొదటిది ఎముక, తర్వాత పీచు, ఆ తర్వాత కొవ్వు. జంతువు ఒంట్లో ఏ కండ ఎక్కువ కష్టపడిందో ఈ మూడూ చెబుతాయి, వంట పద్ధతి అందులోంచే వస్తుంది. మెడ, భుజం, కాళ్లు రోజంతా బరువు మోస్తాయి కాబట్టి ఆ కండల మధ్య గట్టి తెల్లటి పొరలు పెరుగుతాయి. ఆ పొరలు నీటిలో, సన్నటి సెగ మీద, దాదాపు 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా కరిగి జిగురవుతాయి. పులుసుకు చిక్కదనం ఇచ్చేది ఆ జిగురే. వీపు పొడవునా ఉండే కండకు అంత శ్రమ లేదు, పొరలూ తక్కువే. దాన్ని గంటసేపు ఉడికిస్తే నీరంతా పిండుకుపోయి ఎండిపోతుంది. పెనం మీద పెద్ద మంటతో కాసేపు వేపితే చాలు.

ముందుగా మటన్. ఒక ఆదివారం ఫొటోను ఊహించుకుందాం. కొక్కేనికి ఒక తొడ వేలాడుతోంది. ట్రేలో ఒక పక్క పలక లాంటి ఎముకతో ముక్కలున్నాయి. మరో పక్క వంపు తిరిగిన సన్నటి ఎముక చివర గుండ్రటి కండ ఉన్నవి. మూలన, మధ్యలో మూలుగతో, గుండ్రంగా కోసిన ఎముకలు.

పలక లాంటి ఎముక భుజానిది. హైదరాబాద్‌లో దస్తీ అనేది ఈ భాగాన్నే. దాని మీద మాంసం ఒకే ముద్దగా ఉండదు. చిన్న చిన్న కండలు, వాటి మధ్య కొవ్వు గీతలు, పొరలు కనిపిస్తాయి. ఇంట్లో కూరకు నేను మొదట అడిగేది ఇదే. ముక్కలను ఉల్లిపాయలతో బాగా వేపి, కుక్కర్‌లో ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ఆవిరి దానంతటదే పోనివ్వాలి. మూత తీశాక నీరు ఎక్కువుంటే మంట పెంచి ఇగిరించుకోవాలి. ముదురు పొట్టేలైతే ఇంకో పది నిమిషాలు పట్టొచ్చు. ఎముక నుంచి కండ సులువుగా ఊడి వస్తే ఉడికినట్టు. రబ్బరులా సాగుతుంటే పొరలు ఇంకా కరగలేదని అర్థం. అలాంటప్పుడు చాలామంది మాంసం గట్టిపడిపోయిందనుకుని దించేస్తారు. చేయాల్సింది ఇంకాస్త ఉడికించడం.

వంపు తిరిగిన ఎముకతో ఉన్నవి చాప్స్. ఎముక పక్కటెముకది, గుండ్రటి కండ వీపుది. లేత మేకవైతే పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి కొన్ని గంటలు నాననిచ్చి పెనం మీద వేపుకోవచ్చు.

తొడ ముక్కనూ, ముంగాలి పైభాగం ముక్కనూ ఫొటోలో పోల్చుకోవడం కాస్త కష్టం. రెండింట్లోనూ ఎముక గుండ్రంగానే ఉంటుంది. అక్కడ కండను చూడాలి. తొడలో పెద్ద పెద్ద కండలుంటాయి, మధ్యలో కొవ్వు గీతలు తక్కువ. ఎముక తీసి పల్చటి పలకలుగా కోయడానికి తొడే అనువు, అందుకే పత్తర్ కా గోష్త్‌కు దాన్ని ఎంచుకుంటారు. కచ్చి బిర్యానీకి తొడా, దస్తీ కలిపి కొట్టించుకోవచ్చు. పచ్చి మాంసాన్నే దమ్ము మీద ఉడికించాలి కాబట్టి మేక లేతగా ఉండాలి, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించాలి. మూలనున్న మూలుగ ఎముకలు నల్లి. వాటిని కూరలో నాలుగైదు వేయించుకుంటే పులుసు రుచే మారుతుంది.

చికెన్ విషయం తేలిక. పాలిపోయిన గులాబీ రంగులో, ఒక వైపు వెడల్పుగా, ఇంకో వైపు సన్నగా, నున్నగా కనిపించేది బ్రెస్ట్. ఎముక తీసిన తొడ అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, రంగు ముదురు, కొవ్వు కనిపిస్తుంది. లోపలి వేడి 74 డిగ్రీలకు చేరితే కోడి తినడానికి సురక్షితం. బ్రెస్ట్‌ను అక్కడే దించేయాలి, ఇంకా ఉంచితే పొడి పొడిగా అయిపోతుంది. తొడ మాత్రం 80 దాటినా మెత్తబడుతుందే తప్ప ఎండదు. అందుకే పులుసుకూ, బిర్యానీకీ తొడ, లెగ్ ముక్కలు. బ్రెస్ట్‌ను సన్నగా కోసి పెద్ద మంట మీద త్వరగా వేపే వంటలకు ఉంచుకోవాలి.

మన దగ్గర బీఫ్ పేరుతో, పెద్దకూర పేరుతో అమ్మేది ఎక్కువగా గేదె జాతి మాంసం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం గోవధను నిషేధించింది. గేదె మాంసం ముదురు ఎరుపు, కొవ్వు తెల్లగా ఉంటుంది. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉన్న మనవాళ్లు పంపే ఫొటోలో ఉండేది ఆవు జాతి మాంసం, దాని కొవ్వు మీగడ రంగులో ఉంటుంది. గడ్డి మేసి పెరిగినదైతే పసుపు తేలుతుంది. మేతలోని పసుపు పదార్థాన్ని గేదె విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది, ఆవు కొంత కొవ్వులో దాచుకుంటుంది.

ఈ మాంసంలో పీచు మటన్ కంటే ముతక. ముక్క మీద పొడవాటి గీతలు కనిపిస్తే పీచు వెంబడి కోశారన్నమాట. అలా కోసింది ఎంత ఉడికినా దారాల్లా నోటికి తగులుతుంది. పీచుకు అడ్డంగా కోయమని కొట్టు దగ్గరే చెప్పాలి. మధ్యలో మూలుగ ఎముక, చుట్టూ చిన్న కండలు, వాటి మధ్య వెండి రంగు పొరలు ఉన్న గుండ్రటి ముక్క కాలిపిక్కది. నిహారీకి అదే సరైనది. సన్నటి సెగ మీద ఐదారు గంటలు పెడితే ఆ పొరలన్నీ రసంలో కలిసిపోతాయి. పొడవుగా, సన్నగా, కొవ్వు దాదాపు లేకుండా, పీచు కూడా కనిపించనంత నున్నగా ఉంటే అది అండర్‌కట్. దాన్ని నిహారీలో వేస్తే డబ్బు దండగ. పల్చగా కోసి, బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు వేపితే చాలు.

ఫొటో చెప్పలేనివీ ఉన్నాయి. వాసన, వేలితో నొక్కినప్పటి బిగువు అందులో దొరకవు. ఎముక తీసి చిన్న ముక్కలు చేశాక మటనో, బీఫో కచ్చితంగా చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. హైదరాబాద్ చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో దీన్ని డీఎన్‌ఏ పరీక్షతో తేలుస్తారు. కైమాలో ఎముకా పీచూ రెండూ పోతాయి కాబట్టి ఫొటో చూసి ఏదీ ఎంచుకోకూడదు. ట్రేలో సిద్ధంగా ఉన్నది వద్దని చెప్పి, దస్తీ ముక్క చూపించమని, ఎముక తీయించి, మీవాళ్ల ఎదుటే కైమా కొట్టించమనండి.