వీఆర్ ఆటకు పదకొండు మిల్లీసెకన్ల గడువు

వీఆర్ హెడ్‌సెట్‌లో ఆడే ఆట కంప్యూటర్‌ను మామూలు ఆట కంటే చాలా ఎక్కువ శ్రమపెడుతుంది. ప్రతి దృశ్యాన్నీ రెండు కళ్లకు రెండుసార్లు గీయాలి. పైగా తల కదిలిన మరుక్షణమే దృశ్యమూ కదలాలి. టీవీ తెర మీద ఆట ఒక్క క్షణం తడబడితే ఆడేవారికి విసుగు మాత్రమే కలుగుతుంది. హెడ్‌సెట్‌లో అదే తడబాటు కడుపులో తిప్పుతుంది. తల తిరిగిందని లోపలి చెవి మెదడుకు చెబుతుంటే, తిరగలేదని కళ్లు చెబుతాయి. ఈ రెండు కబుర్లు పొసగకపోవడమే వికారానికి ప్రధాన కారణం. అందువల్ల వీఆర్ పరికరాలు ఎంచుకునేటప్పుడు బొమ్మ ఎంత స్పష్టంగా ఉందన్నది రెండో ప్రశ్న. ఎంత వేగంగా, ఎంత నిలకడగా మారుతోందన్నదే మొదటిది.

ఈ వేగాన్ని సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్కలో చెబుతారు. ఇప్పుడు వాడుకలో ఉన్న హెడ్‌సెట్లలో ఇది సాధారణంగా 72 నుంచి 120 దాకా ఉంటుంది. కంప్యూటర్‌కు కలిపి ఆడేవారిలో చాలామంది 90 దగ్గర స్థిరపడతారు. సెకనుకు 90 అంటే ఒక్కో ఫ్రేముకు 11.1 మిల్లీసెకన్లు. తల ఎటు ఉందో తెలుసుకోవడం, ఆటలో ఏం జరగాలో లెక్కించడం, రెండు కళ్లకు బొమ్మలు గీయడం ఆ గడువులో సాగిపోవాలి. తల కదలికకూ కంటికి కొత్త దృశ్యం అందడానికీ మధ్య మొత్తం ఆలస్యం 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో మొదటి నుంచీ పాటిస్తున్న కొలమానం.

సగటు లెక్క ఇక్కడ పనికిరాదు. ఒక సెకనులో 85 ఫ్రేములు సకాలంలో వచ్చి, అయిదు ఆలస్యమైనా కంటికి కుదుపు తెలుస్తుంది. ఆలస్యం జరిగినప్పుడు హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ పాత ఫ్రేమునే తీసుకుని, తల తిరిగిన మేరకు జరిపి చూపిస్తుంది. ఆలస్యం పదేపదే జరిగితే ఆటను సగం వేగానికి, అంటే 45 ఫ్రేములకు తగ్గించి, మధ్య ఫ్రేములను అంచనాతో పూరిస్తుంది. ఈ ఏర్పాటు వల్ల ప్రపంచం కదలకుండా నిలిచినట్టే ఉంటుంది గానీ ఆనవాళ్లు మిగులుతాయి. చేతులు వేగంగా ఊపితే వాటి అంచులు నీటిలో బొమ్మలా వణుకుతాయి. దగ్గరగా వెళ్లే వస్తువులు జంటగా కనిపిస్తాయి. తల చటుక్కున తిప్పితే పక్కన సన్నటి నల్లని పట్టీ మెరుస్తుంది. ఇవి కనిపిస్తే కంప్యూటర్ గడువు అందుకోవడం లేదని అర్థం.

రిజల్యూషన్ విషయానికొస్తే, 2016లో వచ్చిన ఓక్యులస్ రిఫ్ట్‌లో ఒక్కో కంటికి 1080×1200 పిక్సెళ్లు ఉండేవి. 2023లో వచ్చిన మెటా క్వెస్ట్ 3లో అవి 2064×2208కి చేరాయి. మొత్తం పిక్సెళ్లు మూడున్నర రెట్లు పెరిగాయి. అయినా తెర కంటికి అతి దగ్గరగా ఉండి, దాదాపు 110 డిగ్రీల వెడల్పున పరచుకుంటుంది కాబట్టి చూపు మధ్యలో కూడా ఒక డిగ్రీకి సుమారు 25 పిక్సెళ్లే దక్కుతాయి. మంచి చూపున్న కన్ను డిగ్రీకి 60 దాకా విడదీసి చూడగలదు. కత్తి తిప్పే ఆటల్లో ఈ లోటు తెలియదు. విమానం నడిపే ఆటలో, ముందున్న మీటర్ల మీది చిన్న అంకెలు చదవాల్సి వచ్చినప్పుడు తప్పక తెలుస్తుంది.

తెర మీద ఉన్నన్ని పిక్సెళ్లు గీస్తే సరిపోదన్నది చాలామందికి తెలియని సంగతి. హెడ్‌సెట్ లెన్సు బొమ్మను వంచుతుంది. దానికి విరుగుడుగా కంప్యూటర్ ముందే బొమ్మను ఎదురు దిశలో వంచాలి. అలా వంచినప్పుడు మధ్యభాగం సాగుతుంది. అక్కడ స్పష్టత తగ్గకుండా ఉండాలంటే పొడవు, వెడల్పుల్లో సుమారు 1.4 రెట్ల చొప్పున పెద్ద బొమ్మ గీయాలి. అంటే పని రెట్టింపు. క్వెస్ట్ 3కి ఆ లెక్కన 90 ఫ్రేములతో సెకనుకు దాదాపు 160 కోట్ల పిక్సెళ్లవుతాయి. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరపై 60 ఫ్రేములతో ఆడే ఆటకు సుమారు 12 కోట్లు చాలు. మామూలు ఆటలన్నీ చక్కగా ఆడించే కంప్యూటర్ వీఆర్‌లో చతికిలబడడానికి కారణం ఈ పదమూడు రెట్ల తేడాయే.

అందుకే ఖర్చులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి. 2020లో వచ్చిన హాఫ్-లైఫ్: అలిక్స్ ఆటకు కనీసం 6 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1060 కార్డు, 12 జీబీ ర్యామ్ కావాలని తయారీదారు వాల్వ్ సంస్థ చెప్పింది. అది అప్పటి హెడ్‌సెట్ల తెరలకు సరిపడే కనీసం. అదే కార్డుకు నేటి హెడ్‌సెట్ తగిలిస్తే ఆట నడుస్తుంది గానీ బొమ్మను బాగా కుదించాల్సి వస్తుంది.

కార్డు సరిపోతోందో లేదో స్టీమ్‌వీఆర్‌లోని ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫ్ చూసి తేల్చుకోవచ్చు. ఉదాహరణకు 90 ఫ్రేముల దగ్గర గ్రాఫిక్స్ కార్డు ఒక్కో ఫ్రేముకు 13 మిల్లీసెకన్లు తీసుకుంటోందనుకుందాం. గడువు 11.1 కాబట్టి ఆట 45కు పడిపోతుంది. వేగాన్ని 72కు తగ్గిస్తే గడువు 13.9 అవుతుంది. ఫ్రేము అందులో ఇముడుతుంది గానీ మిగులు లేదు, పొగ కమ్మిన దృశ్యమో, శత్రువుల గుంపో వస్తే మళ్లీ తడబాటే. దానికంటే పొడవు, వెడల్పులను పదో వంతు చొప్పున తగ్గించడం మేలు. అప్పుడు పిక్సెళ్లు 19 శాతం తగ్గి, ఫ్రేము సుమారు 10.5 మిల్లీసెకన్లకు వస్తుంది. నీడల నాణ్యతను ఒక మెట్టు దించితే ఇంకాస్త వెసులుబాటు దొరుకుతుంది. స్పష్టతలో ఆ కొద్దిపాటి తేడాకు కన్ను త్వరగా అలవాటు పడుతుంది, కుదుపుకు మాత్రం పడదు.

రిజల్యూషన్ ఎంత తగ్గించినా గ్రాఫ్ కదలకపోతే లోపం ప్రాసెసర్‌లో ఉన్నట్టు. విమానాల ఆటల్లో ఇది తరచుగా ఎదురవుతుంది. అక్కడ కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నా ఫలితం ఉండదు. ల్యాప్‌టాప్ కొనేవారు మరో మెలిక గమనించాలి. ఒకే పేరున్న గ్రాఫిక్స్ చిప్‌ను ఒక తయారీదారు ఎక్కువ వాట్లతో, మరొకరు తక్కువ వాట్లతో నడుపుతారు. పనితనం కూడా ఆ మేరకు మారుతుంది. మొదట బాగా నడిచిన ఆట పదిహేను, ఇరవై నిమిషాల తర్వాత తడబడుతుంటే చిప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటోందని అనుమానించాలి.

క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్లు తమలోని మొబైల్ చిప్‌తోనే ఆటలు ఆడించగలవు. ఆ చిప్‌కు తగ్గట్టు ఆటలను తేలిక చేసి తయారుచేస్తారు. వాటిని కంప్యూటర్‌కు కలిపినప్పుడు మాత్రం దృశ్యం నేరుగా తెరకు చేరదు. కుదించని వీడియో సెకనుకు దాదాపు 20 గిగాబిట్లు ఉంటుంది. దాన్ని వంద, రెండు వందల మెగాబిట్ల స్థాయికి కుదించి యూఎస్‌బీ కేబుల్ మీదుగా గానీ వై-ఫై మీదుగా గానీ పంపుతారు. వై-ఫై అయితే కంప్యూటర్‌ను రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలపాలి. రౌటర్ ఆడే గదిలోనే ఉండాలి, 5 గిగాహెర్ట్‌జ్ లేదా 6 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్ వాడాలి. ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫ్ బాగుండి కూడా చీకటి దృశ్యాల్లో గళ్లు కనిపిస్తున్నా, బొమ్మ అప్పుడప్పుడూ ఆగుతున్నా తప్పు ఈ దారిలో వెతకాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లెన్సుల మధ్య దూరం కనుపాపల మధ్య దూరానికి సరిపోకపోతే అరగంటలోనే తలనొప్పి వస్తుంది. క్వెస్ట్ 3లో చిన్న చక్రం తిప్పి దీన్ని 53 నుంచి 75 మిల్లీమీటర్ల వరకు మార్చుకోవచ్చు. ఇక ఏ హార్డ్‌వేరూ తీర్చలేని వికారం ఒకటుంది. శరీరం నిలబడిన చోటే ఉండగా జాయ్‌స్టిక్‌తో ఆటలో పరుగెత్తితే, 120 ఫ్రేముల దగ్గర కూడా కళ్లకూ చెవికీ పొంతన కుదరదు. అందుకే చాలా ఆటల సెట్టింగ్స్‌లో నడకకు బదులు ఒక చోటు నుంచి మరో చోటుకు ఒక్కసారిగా మారే ఏర్పాటు ఉంటుంది. కొత్తవారికి ఆటను దానితో మొదలుపెట్టడం సుఖం.