వేళ్ళ కంటే ముందు నడిచే కళ్ళు

వయసు మీద పడితే బుర్ర మొద్దుబారక తప్పదని మనలో చాలామంది గట్టిగా నమ్ముతారు. 1984లో టిమోతీ సాల్ట్‌హౌస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ఒక పరిశోధన చదివితే ఆ నమ్మకం కదులుతుంది. ఆయన 19 నుంచి 72 ఏళ్ళ మధ్య ఉన్న టైపిస్టులను పరీక్షించారు. ముందుగా, తెర మీద కనిపించినదాన్ని బట్టి వెంటనే సరైన మీట నొక్కమన్నారు. ఇందులో వయసు పెరిగినకొద్దీ ఆలస్యం పెరిగింది. తర్వాత మామూలుగా టైపు చేయమంటే మాత్రం పెద్దవాళ్ళు కుర్రవాళ్ళకు ఏమాత్రం తీసిపోలేదు.

వేళ్ళు నెమ్మదించినా వేగం ఎలా నిలిచింది? టైపిస్టు కళ్ళు ఎప్పుడూ వేళ్ళ కంటే కొన్ని అక్షరాలు ముందుంటాయి. వయసు పైబడిన టైపిస్టులు ఇంకాస్త ముందుకు చూస్తూ, రాబోయే అక్షరాలకు వేళ్ళను సిద్ధం చేసుకుంటున్నారని తేలింది. రాబోయే అక్షరాలు కొన్ని మాత్రమే కనబడేలా కట్టడి చేసినప్పుడు ఆ సంగతి బయటపడింది. ముందుచూపుకి చోటు తగ్గేసరికి పెద్దవాళ్ళ వేగం త్వరగా పడిపోయింది.

కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే నేర్పును ఫ్లూయిడ్ ఇంటెలిజెన్స్ అని, చదువు వల్లా పని వల్లా ఏళ్ళ తరబడి పోగయ్యే తెలివిని క్రిస్టలైజ్డ్ ఇంటెలిజెన్స్ అని 1940లలో రేమండ్ క్యాటెల్ విడదీశారు. మొదటిది వయసుతో తగ్గుతుంది, ఇది నిజమే. రెండోది చాలాకాలం నిలుస్తుంది, పదసంపద లాంటివి అరవైల దాకా పెరుగుతూనే ఉండొచ్చు. అయితే ఈ అండ అలవాటైన పనికే పరిమితం. ఆ టైపిస్టు చేతికే పూర్తిగా కొత్త పని ఇస్తే నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది.

మొదటిది కూడా మనం భయపడినంత తొందరగా తగ్గదు. పాతికేళ్ళవాళ్ళనూ డెబ్బై ఏళ్ళవాళ్ళనూ ఒకే రోజు పరీక్షిస్తే తేడా పెద్దగా కనిపిస్తుంది. కానీ అందులో వయసుతో పాటు చదువు తేడా కూడా కలిసి ఉంటుంది. మన దగ్గర బడి ముఖం చూడని బామ్మనూ ఇంజినీరింగ్ చదివిన మనవడినీ ఒకే పరీక్షకు కూర్చోబెట్టి, వచ్చిన తేడా అంతా ముసలితనం వల్లే అనడం అన్యాయం. వార్నర్ షాయ్ 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనంలో అవే మనుషులను ఏడేళ్ళకోసారి మళ్ళీ పరీక్షించారు. అలా చూస్తే, చాలా సామర్థ్యాలు అరవై దాకా పెద్దగా తగ్గలేదు.

ఇంట్లోవాళ్ళు గమనించాల్సింది వేరే ఉంది. పేరు గుర్తురాక కాసేపటికి తట్టడం మామూలే. రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, అడిగిన ప్రశ్ననే పదేపదే అడగడం, ఎన్నాళ్ళుగానో చూసుకుంటున్న లెక్కలు చేయలేకపోవడం మామూలు కాదు. అలాంటప్పుడు పెద్దతనమేలే అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, దిగులు జబ్బు, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది.