మాట ఇచ్చింది మీరే

శనివారం మధ్యాహ్నం కలకత్తాలోని సియాల్దా స్టేషనులో మీరు బడ్జ్ బడ్జ్ వెళ్ళే లోకల్ రైలు ఎక్కుతారు. ప్రయాణం సుమారు పాతిక కిలోమీటర్లు. పెట్టెలో జనం కిక్కిరిసి ఉంటారు. చెమటకు చొక్కా వీపునంటుకుంటుంది. దిగి నాలుగడుగులు వేస్తే హుగ్లీ నది, దాని ఒడ్డున జూట్ మిల్లుల పొగగొట్టాలు, చమురు నిలవచేసే పెద్దపెద్ద తొట్టెలు కనిపిస్తాయి.

ఈ నాలుగు మాటలూ చదివేటప్పుడు, “నేనెప్పుడు ఎక్కాను ఆ రైలు?” అని మీరు అడ్డుచెప్పలేదు. రైలెక్కడం, చెమట పట్టడం ఎవరికైనా జరిగేవే కనుక ఊరుకున్నారు. కథకుడు పాఠకుణ్ణి “మీరు” అని పిలిచి కథలోకి దింపే పద్ధతికి ఆ ఊరుకోవడమే పునాది. అలా ఊరుకున్న పాఠకుడు చివరకు ఎక్కడ తేలుతాడో తెలియాలంటే, బెంగాలీ రచయిత ప్రేమేంద్ర మిత్ర (1904–1988) రాసిన ‘తేలేనాపోతా ఆవిష్కార్’ అనే చిన్న కథను చూడాలి.

ఆ కథలో కథానాయకుడికి పేరు లేదు. అతణ్ణి కథకుడు మొదటినుంచి చివరిదాకా “మీరు” అనే సంబోధిస్తాడు. జరిగినదంతా జరగబోయేదిగా చెబుతాడు. గ్రహాలు కలిసివచ్చి, రెండు రోజులు సెలవు దొరికితే, మీరు ఇద్దరు మిత్రులతో నగరం విడిచి చేపల వేటకు బయలుదేరుతారు. కిక్కిరిసిన బస్సులో కొంత దూరం, చీకట్లో అడవి దారిన ఎడ్లబండి మీద మరికొంత దూరం పోయి, ఒక పాడుబడిన భవనంలో రాత్రి గడుపుతారు. మర్నాడు చెరువు గట్టున గాలం వేసి కూర్చుంటారు. నీళ్ళకు వచ్చిన ఒక యువతి మిమ్మల్ని చూస్తుంది. ఆమె పేరు యామిని.

భోజనం ఆమె ఇంట్లోనే. పై గదిలో చూపు పోయిన ఆమె తల్లి మంచం పట్టి ఉంది. యామినిని పెళ్ళాడతానని మాట ఇచ్చి, ఆ తరువాత ముఖం చూపని నిరంజనుడనే బంధువు కోసం ఆ ముసలితల్లి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తోంది. అలికిడి విని అతడే వచ్చాడనుకుంటుంది. అప్పుడు మీరు, ఎవరూ అడగకుండానే, నిరంజనుడి స్థానంలో నిలబడి ఇక మాట తప్పనని ఆమెకు చెబుతారు. తిరుగు ప్రయాణంలో గాలాలు అక్కడే వదిలిపెడతారు, మళ్ళీ రావలసినవారే కదా! నగరం చేరాక మలేరియా జ్వరం మిమ్మల్ని పడవేస్తుంది. లేచి తిరిగేనాటికి ఆ ఊరూ, ఆ యువతీ ఎప్పుడో కన్న కలలా మసకబారిపోతారు. మీరు తిరిగి వెళ్ళరు.

ఈ కథను “అతడు” అని మార్చి చెప్పి చూడండి. “అతడు మాట ఇచ్చాడు, మరచిపోయాడు.” పాఠకుడు వెంటనే న్యాయాధిపతి పీఠమెక్కి తీర్పు చెబుతాడు. “నేను” అని మార్చండి. అది తప్పు ఒప్పుకొన్నవాడి మాట అవుతుంది. పాఠకుడు క్షమిస్తాడు, లేదా క్షమించడు. రెండు విధాలా అతడు ఒడ్డునే ఉంటాడు. “మీరు” అన్నప్పుడు మాత్రం నిలబడడానికి ఒడ్డు లేదు.

ఇందులోని కిటుకంతా వరుసలో ఉంది. రచయిత మొదట శరీరానికి సంబంధించిన సంగతులే చెబుతాడు: బస్సులో ఒత్తిడి, దోమలు, చీకటి, నిద్రలేమి. వాటిని కాదనడానికి మీకు కారణం దొరకదు. తరువాత మనసుకు సంబంధించిన చిన్న సంగతి ఒకటి, చెరువు గట్టు మీది కుతూహలం. అదీ ఒప్పుకొంటారు. వాగ్దానం దగ్గరికి వచ్చేసరికి, “ఆ మాట ఇచ్చింది నేను కాదు” అనడానికి వేళ మించిపోతుంది. పైగా ఆ వాగ్దానం దుర్మార్గం కాదు, జాలి. అందువల్ల దానిని మీరు సంతోషంగానే మీదిగా స్వీకరిస్తారు. ఆ జాలి ఎంతకాలం నిలిచిందో తరువాత తెలుస్తుంది. రచయిత ఒక్క నిందావాక్యమైనా రాయడు. రాసి ఉంటే పాఠకుడు తనను తాను సమర్థించుకొని బయటపడేవాడే.

భాష కూడా ఇందుకు తోడ్పడుతుంది. బెంగాలీలో “ఆప్ని” అంటే ఒక్క వ్యక్తిని ఉద్దేశించిన “మీరు”. పలువురికైతే “ఆప్నారా” అనాలి. ఈ కథ మొదటి వాక్యం పలువురిని పిలిచి, ఆ తరువాత ఒక్కరి దగ్గరికి వస్తుంది. గుంపులోంచి ఒకణ్ణి వేరుచేసి చేయి పట్టుకొన్నట్లన్నమాట. తెలుగులో రెంటికీ “మీరు” ఒక్కటే కనుక, పాఠకుడు ఆ బహువచనంలో దాక్కోవచ్చు. “నువ్వు” అంటే దాక్కునే చోటు లేదు గాని, అందులో చనువో, మందలింపో ధ్వనిస్తుంది; అపరిచితుణ్ణి మర్యాదగా వెంటబెట్టుకు వెళ్ళే గొంతు పోతుంది. అయితే తెలుగు మరొకటి ఇస్తుంది. “మీరు వెళ్తారు” అన్న క్రియ రేపు జరగబోయేదాన్నీ చెబుతుంది, ఎప్పుడూ జరుగుతూ ఉండేదాన్నీ చెబుతుంది. “మీరు మరచిపోతారు” అన్న మాట తెలుగులో భవిష్యవాణి మాత్రమే కాదు, అలవాటును చెప్పడం కూడా.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. “మీరు” అన్నవాడికి పేరు, కులం, ఉద్యోగం, మీసం తగిలించిన కొద్దీ, “అది నేను కాదు” అని పాఠకుడు జారుకుంటాడు. అందుకే ప్రేమేంద్ర మిత్ర తన నాయకుణ్ణి దాదాపు ఖాళీగా వదిలాడు. అయినా ఒక లోటు తప్పలేదు: ఆ “మీరు” పురుషుడు. చదివే స్త్రీ ఆ చోట ఇమడకపోవచ్చు. గుమ్మంలో నిలిచి చూస్తున్న యామిని పక్షాన నిలబడి, వెళ్ళిపోయేవాణ్ణి చూడవచ్చు.

మృణాల్ సేన్ 1984లో ఈ కథను హిందీలో ‘ఖండహర్’ చిత్రంగా తీసినప్పుడు మరో చిక్కు వచ్చింది. కెమెరా “మీరు” అనలేదు. తెరమీద నసీరుద్దీన్ షా కనిపిస్తే అతడు “అతడే”. దర్శకుడు నాయకుణ్ణి ఫోటోగ్రాఫరును చేశాడు. శిథిలాలనూ, యామిని ముఖాన్నీ బొమ్మలుగా తీసుకొని వెళ్ళిపోయేవాడు అతడు. చీకటి హాలులో కూర్చొని ఆమె దుఃఖాన్ని చూసే ప్రేక్షకుడి పనీ అదే కదా! పిలుపుతో కథ సాధించినదాన్ని చిత్రం చూపుతో సాధింపజూసింది.

తేలేనాపోతా ఏ పటంలోనూ లేదు. కాని అటువంటి శిథిలాలు కల్పన కావు. బడ్జ్ బడ్జ్ సమీపాన బావాలి గ్రామంలో మండల్ జమీందారుల భవనం చాలాకాలం పాడుబడి ఉండి, ఇటీవలి కాలంలో మరమ్మతు పొంది హోటలుగా మారింది. ఆ హుగ్లీ తీరపు మిల్లులకే, తరాల క్రితం, శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి తెలుగువారు పనికి వెళ్ళారు. వెనుక ఉండిపోయినవారికి వారు చెప్పిన మాట ఏదై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. గుమ్మం దాటేటప్పుడు మనం “వెళ్తాను” అనం, “వెళ్ళొస్తాను” అంటాం. బెంగాలీలూ అంతే, వెళ్ళేటప్పుడు “వస్తాను” అంటారు.

మాట ఇవ్వడానికి మీకు తేలేనాపోతా అక్కరలేదు. గుమ్మాలు దాటిన ప్రతిసారీ ఇస్తూనే ఉన్నారు.