బరువు పెరగకుండానే బరువెక్కే కారు

1970ల మధ్యలో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ విండ్ టన్నెల్‌లో పీటర్ రైట్ అనే ఇంజినీరు లోటస్ రేసు కారు నమూనా మీద పరీక్షలు చేస్తున్నాడు. నమూనా కింద రోడ్డుకు బదులు ఒక బెల్టు పరుగెడుతూ ఉంటుంది. ఎదురుగా గాలి వీస్తుంది. ఆ గాలి కారును ఎంత బలంతో కిందికి నొక్కుతోందో పరికరం చెబుతుంది. నమూనా అదే, గాలి వేగం అదే, అయినా ఒకసారి వచ్చిన అంకె రెండోసారి రావడం లేదు. ఎందుకా అని చూస్తే, నమూనాకు రెండు పక్కలా ఉన్న సైడ్‌పాడ్‌లు గట్టిగా లేక బెల్టు వైపు వంగిపోతున్నాయని తేలింది. అవి కదలకుండా తీగలతో కట్టారు. ఆ తర్వాత వాటి అంచులకు అట్టముక్కలు అతికించి, కారుకూ నేలకూ మధ్య సందు దాదాపు మూసేసి చూశారు. కిందికి నొక్కే బలం ఎంతో పెరిగింది.

ఆ బలం పేరు డౌన్‌ఫోర్స్. దాని అవసరం తిన్నని రోడ్డు మీద పెద్దగా కనిపించదు, మలుపులో తెలుస్తుంది. మలుపు తిరిగే కారును పక్కకు జారిపోకుండా ఆపేది టైరు పట్టు ఒక్కటే. టైరును నేలకేసి ఎంత గట్టిగా అదిమితే పట్టు అంత పెరుగుతుంది. అలాగని కారులో ఇసుక బస్తాలు వేస్తే లాభం లేదు. బరువు పెరిగిన కారును మలుపు తిప్పడానికి అంత ఎక్కువ పట్టూ కావాలి కాబట్టి లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. గాలి మాత్రం టైరును అదుముతుంది గానీ కారు బరువును ఒక్క గ్రాము కూడా పెంచదు.

దీన్ని ఒక లెక్కలో చూద్దాం. 100 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు. టైరు తన మీద పడే భారానికి ఒకటిన్నర రెట్లు పక్కబలాన్ని తట్టుకోగలదనుకుందాం. గాలి సాయం లేకపోతే ఆ మలుపును గంటకు సుమారు 138 కిలోమీటర్ల వేగంతో దాటవచ్చు. అంతకు మించితే జారుడే. ఇప్పుడు అదే కారుకు గంటకు 200 కిలోమీటర్ల దగ్గర తన బరువంత డౌన్‌ఫోర్స్ పుట్టించే వింగ్‌లు, అడుగుభాగం అమర్చాం. మలుపు వేగం దాదాపు 190కి చేరుతుంది. భారం పెరిగేకొద్దీ నిజం టైరు పట్టు అంతే నిష్పత్తిలో పెరగదు కాబట్టి రేసులో లాభం ఇంతకన్నా కొంచెం తక్కువే ఉంటుంది. అయినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. డౌన్‌ఫోర్స్ వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. 200 దగ్గర కారు బరువంత ఉన్నది 100 దగ్గర అందులో పావు వంతే. కాబట్టి బాగా నెమ్మదిగా తిరగాల్సిన ఇరుకు మలుపుల్లో ఎంత పెద్ద వింగ్ ఉన్నా చేసే సాయం తక్కువ. ఇంకో చిక్కేమిటంటే, వేగంగా తిరుగుతున్న మలుపు మధ్యలో డ్రైవరు భయపడి వేగం తగ్గిస్తే, అప్పటిదాకా అతన్ని నిలబెట్టిన పట్టు కూడా తగ్గిపోవచ్చు.

ఇక డ్రాగ్. ఇదీ గాలి బలమే, కానీ దిశ వేరు. డౌన్‌ఫోర్స్ నేలవైపు నొక్కితే డ్రాగ్ వెనక్కి లాగుతుంది. ఇదీ వేగపు వర్గంతోనే పెరుగుతుంది. వేగం రెట్టింపయితే డ్రాగ్ నాలుగు రెట్లు, దాన్ని అధిగమించడానికి ఇంజిన్ పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకు డౌన్‌ఫోర్స్ తక్కువగానే ఉంచారు. అక్కడ డ్రాగ్‌కు ఖర్చయ్యేది బ్యాటరీలోని కరెంటు మరి.

రేసు కారు వింగ్ అంటే తలకిందులు చేసిన విమానం రెక్క. దాని కిందుగా పోయే గాలి వేగం పెరిగి పీడనం పడిపోతుంది, పైన పీడనం ఎక్కువగా ఉంటుంది. ఆ తేడాయే డౌన్‌ఫోర్స్. అయితే పైనున్న ఎక్కువ పీడనపు గాలి రెక్క చివరలు దాటి కిందికి చొరబడి సుడులు తిరుగుతుంది. ఆ సుడులను తిప్పే శక్తిని చివరికి ఇంజినే భరించాలి. అందుకే వింగ్ ఎంత నిటారుగా పెడితే మలుపులో అంత లాభం, తిన్నని దారిలో అంత నష్టం. మొనాకో సందుల్లో పెద్ద వింగ్ పెట్టి, మోంజా పొడవాటి దారులకు పల్చటి వింగ్ మార్చేది ఇందుకే.

అడుగుభాగం ఇంతకన్నా చవగ్గా అదే పని చేస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు మీటరు మీద సుమారు 10 టన్నుల బలంతో నొక్కుతోంది. కారు కింద పీడనం ఒక్క శాతం తగ్గించినా చదరపు మీటరుకు 100 కిలోలకు పైగా డౌన్‌ఫోర్స్ దొరికినట్టే. కారు అడుగున ఉండే వైశాల్యం ఏ వింగ్‌కూ ఉండదు. అడుగును ముందు ఎత్తుగా, మధ్యలో నేలకు దగ్గరగా, వెనక మళ్లీ పైకి లేచేలా మలిస్తే, ఇరుకైన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. పక్క సందులు మూస్తే బయటి గాలి చొరబడదు, సుడుల ఖర్చూ తగ్గుతుంది. రైట్ అట్టముక్కలు చేసిన పని అదే. దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు.

లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్ ఈ ఊహను 1977లో లోటస్ 78గా రోడ్డెక్కించాడు. కారు వేగంగానే ఉంది, కానీ నొక్కుడు మరీ ముందువైపు పడుతోంది. వెనక చక్రాలు తేలిపోకుండా వెనక పెద్ద వింగ్ పెట్టాల్సి వచ్చింది. అడుగున చవగ్గా సంపాదించినదాన్ని వింగ్ డ్రాగ్ రూపంలో తినేసి, తిన్నని దారిలో కారు వెనకబడింది. మరుసటి ఏడాది వచ్చిన లోటస్ 79లో అడుగు సొరంగాలను వెనక చివరిదాకా సాగదీశారు. గాలి దారికి అడ్డు రాకుండా వెనక స్ప్రింగులను లోపలికి జరిపారు. పక్కలకు రోడ్డును రాసుకుంటూ పైకీ కిందికీ కదిలే స్కర్ట్‌లు బిగించారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసులో, బెల్జియంలోని జోల్డర్‌లో తొలిసారి దిగిన రోజే మారియో ఆండ్రెట్టి దాంతో గెలిచాడు, ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు.

1979లో చాప్‌మన్ ఇంకా ఎక్కువ ఆశపడ్డాడు. లోటస్ 80 అడుగు అంతటినీ డౌన్‌ఫోర్స్ పుట్టించేలా మలిచాడు. అది రోడ్డు మీద ఎగిరెగిరి పడింది. వేగం పెరిగేకొద్దీ పీడనం కారును కిందికి లాగుతుంది. సందు మరీ ఇరుకయ్యాక గాలి సాఫీగా పోలేక డౌన్‌ఫోర్స్ హఠాత్తుగా పడిపోతుంది. స్ప్రింగులు కారును పైకి తంతాయి. సందు తెరుచుకోగానే గాలి మళ్లీ పారుతుంది, మళ్లీ లాగుతుంది. ఇంజినీర్లు దీన్ని పోర్పాయిజింగ్ అంటారు. స్కర్ట్‌లతో మరో ప్రమాదం కూడా ఉంది. మలుపు మధ్యలో ఒకటి ఇరుక్కుని పైనే ఉండిపోతే, ఆ క్షణంలోనే పట్టు మాయమవుతుంది. 1981లో కదిలే స్కర్ట్‌లను నిషేధించారు. 1983 నుంచి చక్రాల మధ్య అడుగు చదునుగానే ఉండాలన్నారు.

2022లో ఫార్ములా వన్ నిబంధనలు మార్చి అడుగు సొరంగాలను తిరిగి తెచ్చినప్పుడు ఈ పాత జబ్బూ తిరిగొచ్చింది. విండ్ టన్నెల్‌లో అది కనపడకపోవడంలో వింతేమీ లేదు. అక్కడ నమూనాను గట్టిగా పట్టి ఉంచుతారు, అది స్ప్రింగుల మీద ఎగరదు. మెర్సిడెస్ కారు మరీ ఇబ్బంది పడింది. బాకు రేసు అయ్యాక లూయిస్ హామిల్టన్ నడుం పట్టుకుని కష్టంగా కారు దిగడం ప్రపంచమంతా చూసింది. మందు తెలిసిందే: కారును కొద్దిగా పైకెత్తడం, స్ప్రింగులు మార్చడం. కానీ అడుగు నేలకు దూరమయ్యేకొద్దీ డౌన్‌ఫోర్స్ తగ్గుతుంది. ఎగిరినా సరే కిందే ఉంచుదామనే జట్లు ఉంటాయి కాబట్టి చివరికి ఎఫ్‌ఐఏ కలగజేసుకుని, 2023 నుంచి అందరి కార్ల అడుగు అంచులనూ 15 మిల్లీమీటర్లు పైకి లేపించింది.