ఆరో స్లాబు పడ్డ మూడో రోజు

పూర్తయ్యాక భవనం ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మలు ఊళ్లో ప్రతి హోర్డింగు మీదా ఉంటాయి. సగంలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూపే బొమ్మ అరుదు. అప్పిచ్చిన బ్యాంకుకో, అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాటు కొన్నవాళ్లకో ‘ఫలానా నెలకి పని ఇంతవరకు వస్తుంది’ అని చెప్పడానికి గీయిస్తారు. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు పూర్తయిన భవనం మోడల్ తెరిచి, పై అంతస్తులు చెరిపేసి, పక్కన ఒక క్రేను నిలబెడతారు. ఆ బొమ్మ చూసి మేస్త్రీ నవ్వుతాడు.

ఆర్కిటెక్ట్ మోడల్‌లో పిల్లర్లు గోడల్లో దాగి ఉంటాయి, దూలాలు ఫాల్స్ సీలింగ్ పైన ఉంటాయి. గోడలు తీసేస్తే మిగిలేది అస్థిపంజరం కాదు, ఖాళీ. కాబట్టి ఫ్రేమును స్ట్రక్చరల్ డ్రాయింగుల నుంచి కొత్తగా కట్టుకోవాలి. టైల్స్, వాటి కింది మందం ఇంకా పడలేదు కనుక స్లాబు మట్టం కూడా పూర్తయిన నేలకంటే కిందికి ఉంటుంది. బాత్‌రూముల దగ్గర స్లాబు ఇంకా లోతుకి దిగి కనిపిస్తుంది.

ఆ తర్వాత అసలు ప్రశ్న: ఏ రోజు? స్టిల్టు మీద తొమ్మిది అంతస్తుల అపార్టుమెంటు, పన్నెండు రోజులకో స్లాబు అనుకుందాం. మనం గీస్తున్నది ఆరో స్లాబు పోసిన మూడో రోజు. ఐదో అంతస్తుకి పైకప్పు అదే కనుక ఆ అంతస్తు నిండా సెంట్రింగ్, ఇనుప జాకీలు. కింద ఐదో స్లాబుకి పదిహేను రోజులు నిండాయి. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకి పద్నాలుగు రోజుల దాకా జాకీలు తియ్యకూడదని మన ఐఎస్ 456 చెబుతుంది. ఆ లెక్కన తియ్యొచ్చు. కానీ పైనున్న పచ్చి స్లాబు బరువంతా దాని మీదే దిగుతోంది కదా, అందుకని నాలుగో అంతస్తులోనూ జాకీలు ఉంచుతారు, కాస్త పలచగా. మూడో అంతస్తు ఖాళీ. రెండులో ఇటుక పని నడుస్తోంది, ఒకటిలో అయిపోయింది. పై రెండు అంతస్తులు చీకటిగా, కిక్కిరిసి, వాటి కిందిది మాత్రం అటూ ఇటూ వెలుతురు కనిపించేలా ఉంటే బొమ్మ నిజమని కన్ను ఒప్పుకుంటుంది.

ఆరో స్లాబు పైన ఇసుక సిమెంటుతో మడులు కట్టి నీళ్లు నిలబెట్టి ఉంటారు. పైనుంచి చూసే కోణమైతే ఆ నీళ్లలో ఆకాశం కనబడాలి. కాంక్రీటు రంగు కూడా తారీఖు చెబుతుంది: కొత్తది తడిగా, ముదురుగా ఉంటుంది; కింది అంతస్తులకు వెళ్లేకొద్దీ తెల్లబడుతుంది. భవనమంతటికీ ఒకే బూడిదరంగు వేస్తే ఒకే రోజు పోసినట్టుంటుంది. పిల్లర్ల తలమీద చువ్వలు దాదాపు మీటరు పైకి లేచి ఉండాలి, పై అంతస్తు చువ్వలు వాటికి జత కట్టాలి కనుక. కొన్ని పిల్లర్లకి పూర్తి బోను కట్టేసి, కొన్నిటికి ఇంకా కట్టకుండా వదిలేస్తే పని జరుగుతున్నట్టుంటుంది.

పరంజా దగ్గర మోడల్ బరువెక్కి కంప్యూటర్ మొరాయిస్తుంది. ఒక్కో గొట్టాన్నీ విడిగా చెయ్యకుండా ఒక గడిని చేసి దాని నకళ్లు పేర్చాలి. బ్లెండర్‌లో, త్రీడీఎస్ మ్యాక్స్‌లో అలాంటి నకళ్లు జ్ఞాపకశక్తి పెద్దగా తినవు. ఎంత వివరం కావాలో లెక్క వేసుకోవచ్చు. నలభై మీటర్ల ముఖభాగం బొమ్మలో 3,000 పిక్సెళ్లు ఆక్రమిస్తే మీటరుకి 75. అప్పుడు 48 మిల్లీమీటర్ల గొట్టానికి మూడున్నర పిక్సెళ్లు దక్కుతాయి, 20 మిల్లీమీటర్ల చువ్వకి ఒకటిన్నర. అంత దూరం నుంచి గొట్టాలను పట్టే క్లిప్పులు చెక్కడం వృథా. ఏటవాలు గొట్టాలు, భవనానికి కట్టిన కట్లు, అడుగున పలకలు మాత్రం వదలకూడదు. అవి లేని పరంజా గాలిలో తేలుతుంది. జాకీలను అక్కడక్కడా రవ్వంత తిప్పి, తుప్పు రంగు మార్చాలి. పరంజా నిట్టగొట్టాలు మాత్రం నిటారుగానే ఉండాలి. దాన్ని భవనమంతా చుట్టెయ్యడమూ పొరపాటే. లోపలినుంచే గోడలు కట్టే సైట్లలో బయట పరంజా ప్రధానంగా ప్లాస్టరింగు కోసమే లేస్తుంది. అది ఏ ముఖానికి, ఎంత ఎత్తుకి వచ్చిందో సైటు ఇంజినీరునే అడగాలి.

యంత్రాల్లో ఆర్టిస్టులకి టవర్ క్రేన్ అంటే మహా ప్రీతి. ఈ ఎత్తు అపార్టుమెంట్లలో చాలావాటికి అది ఉండదు. సామాను పైకి చేర్చే హాయిస్టు, స్లాబు రోజున వచ్చిపోయే కాంక్రీటు పంపు చాలు. మన బొమ్మ మూడో రోజుది కనుక పంపు ఇప్పటికే వెళ్లిపోయింది. కింద మిగిలేవి ఇసుక కుప్ప, చువ్వల కట్టలు, తీసేసిన సెంట్రింగ్ రేకుల దొంతరలు, డ్రమ్ముల్లో నీళ్లు.

ఇంత నమ్మకంగా గీస్తే ఇంకో చిక్కు: కొన్నవాళ్లు దాన్ని ఫోటో అనుకుంటారు. ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకి పరిహారం ఇవ్వాలని 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షను చెబుతోంది. అందుకే ఏ తేదీకి అనుకున్న పరిస్థితో, ఇది ఊహాచిత్రమన్న మాటా బొమ్మ మూలన కాకుండా, చదవగలిగే సైజులో బొమ్మ మీదే వెయ్యాలి.